ప్రమోషన్ వచ్చినవాళ్లకు అభినందన రాయడం ఎలా: ఒక్క వివరం చేసే పని

మీతో పనిచేసే ఒకరికి ప్రమోషన్ వచ్చింది. ఆఫీసు గ్రూపులో వార్త పడిన కాసేపటికే మెసేజీలు వరసకడతాయి. "కంగ్రాట్స్", "హార్టీ కంగ్రాచ్యులేషన్స్", "హృదయపూర్వక శుభాకాంక్షలు", "మీరు ఇంకా ఎంతో ఎత్తుకు ఎదగాలి". అందుకున్న మనిషి అన్నిటికీ కలిపి "అందరికీ థాంక్యూ" అని ఒక్క మాట రాసి ఫోను పక్కన పెట్టేస్తారు. సాయంత్రానికి ఎవరేం రాశారో వాళ్లకు గుర్తుండదు, రాసినవాళ్లకూ గుర్తుండదు. రాసినవాళ్లలో చాలామంది నిజంగా సంతోషించినవాళ్లే. ఆ సంతోషం మెసేజీలోకి ఎక్కలేదు, అంతే.

ఎక్కించడానికి గొప్ప భాషేమీ అక్కర్లేదు. ఆ మనిషి చేసిన పనిలో మీరు స్వయంగా చూసిన ఒక్క వివరం చాలు. దాన్ని ఎలా వెతకాలి, దొరికినవాటిలో ఏది వదిలేయాలి, ఎలా రాయాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అనేవే ఇక్కడ చెప్పబోయేది. మొత్తం పదిహేను నిమిషాల పని. అందులో పది నిమిషాలు వెతకడానికే పోతాయి, పోవాలి కూడా.

అందరికీ సరిపోయే మెసేజీ ఎందుకు తేలిపోతుంది

మీరు పంపబోయే మెసేజీలో పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టి చదవండి. ఒక్క మాట కూడా మార్చకుండా సరిపోయిందా? అయితే అది ఆ మనిషి కోసం రాసింది కాదు, ఆ సందర్భం కోసం రాసింది. చదివేవాళ్లు ఈ పరీక్షను కావాలని చేయరు గానీ, ఆ ఫలితం వాళ్లకు తెలిసిపోతూనే ఉంటుంది. ఎందుకంటే అవే మాటలు వాళ్లూ పోయిన నెల ఇంకెవరికో పంపారు. వాటికి ఎంత సమయం పట్టిందో, ఎంత ఆలోచన పెట్టారో వాళ్లకు బాగా తెలుసు. లింక్డిన్ లాంటి చోట్ల అయితే ఆ మాటలు కూడా మనం రాయక్కర్లేదు. కొత్త ఉద్యోగం, కొత్త హోదా వార్త కిందే అభినందన వాక్యం తయారుగా ఉంటుంది, నొక్కితే వెళ్లిపోతుంది. అది అందుకున్నవాళ్లకు మీరు వార్త చూశారని తెలుస్తుంది. అంతకుమించి ఏమీ తెలియదు.

వార్త చూశానని చెప్పడం పనికిరాని పని కాదు. మనిషి ఎదురైతే "బాగున్నారా" అంటాం. జవాబు కోసం కాదు, సంబంధం ఉందని గుర్తుచేయడానికి. మానవ శాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1923లోనే ఈ తరహా మాటల గురించి రాశాడు. సమాచారం ఇవ్వడం వాటి పని కాదని, మనుషుల్ని కలిపి ఉంచడమే వాటి పని అని అన్నాడు. "కంగ్రాట్స్" ఆ కోవలోదే. అది రాకపోతే వెలితిగా ఉంటుంది, వస్తే ఎవరూ గమనించరు. మీకు అంతే కావాలంటే అదే పంపండి, తప్పేమీ లేదు. మీ సంతోషం వాళ్లకు తెలియాలనుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

ఆ చిక్కు ఇదీ. మాటలతో మనం చేసే పనుల్ని విడదీసి చూసిన తత్వవేత్త జాన్ సెర్ల్ 1969లో అభినందనకు కావాల్సినవాటిలో ముఖ్యంగా రెండు చెప్పాడు. జరిగినది ఎదుటివాళ్లకు మేలు చేసేది అయివుండాలి, చెప్పేవాళ్లకు దానివల్ల సంతోషం కలిగి ఉండాలి. మొదటిది ప్రమోషన్ వార్తలోనే ఉంది. రెండోది మీ లోపల ఉంది, బయటికి కనపడదు. "నాకు చాలా సంతోషంగా ఉంది" అని రాసినా కనపడదు, ఎందుకంటే సంతోషం లేనివాళ్లూ అదే వాక్యం రాస్తారు. "చాలా చాలా" అని పెంచినా, పక్కన ఆరు చప్పట్ల బొమ్మలు పెట్టినా ఇదే పరిస్థితి. సంతోషం లేనివాళ్లు రాయలేనిది ఒక్కటే ఉంది. ఆ మనిషి పనిని దగ్గర్నుంచి చూసి గుర్తుపెట్టుకున్న సంగతి. వివరానికి బలం వచ్చేది అక్కడే. మీరు ఈరోజు మెసేజీ రాయడానికి ముందే, ఎప్పుడో ఒకరోజు, వాళ్లను గమనించారని అది చూపిస్తుంది. ఆ గమనింపును ఈరోజు కూర్చుని పుట్టించలేరు.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. "మీ అంకితభావం", "మీ కష్టపడే తత్వం", "మీ ఓపిక" అని రాసి, వివరం ఇచ్చేశామనుకుంటారు. అవి వివరాలు కావు, తీర్పులు. ఏదో చూసి, దాన్నుంచి మీరు "ఓపిక" అనే మాటకు వచ్చారు. చదివేవాళ్లకు కావాల్సింది ఆ "ఏదో". తీర్పు మాత్రమే చేతికి వస్తే, దేన్ని చూసి అన్నారో తెలియదు కాబట్టి మర్యాదకు అన్నట్టే ఉంటుంది.

మొదటి అడుగు: జ్ఞాపకాల్ని కాగితం మీద పెట్టండి

రాయడం మొదలుపెట్టకండి. ఒక కాగితం తీసుకుని ఆ మనిషి పని గురించి గుర్తొచ్చినవన్నీ ముక్కలుముక్కలుగా రాయండి. నాలుగైదు వచ్చేదాకా ఏదీ కొట్టేయొద్దు. మొదటి రెండూ దాదాపు ఎప్పుడూ "మంచివాడు", "కష్టపడుతుంది" లాంటివే వస్తాయి. అవి పోతేగానీ వెనకున్నవి బయటికి రావు.

ఏమీ గుర్తురాకపోతే ఈ ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి సెలవు పెట్టిన రోజు ఏ పని ఆగిపోతుంది? ఏ విషయం మీద మీరు వేరేవాళ్లను కాకుండా వీళ్లనే అడుగుతారు? వీళ్లు చేసిన ఏదైనా పని వల్ల మీరు పనిచేసే తీరు మారిందా? అందరూ వదిలేసినదాన్ని వీళ్లు ఒక్కరే పట్టుకున్న సందర్భం ఉందా? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే సాధారణంగా వెతుకులాట అక్కడితో ముగుస్తుంది. మీ పని మారడం మీకు మాత్రమే తెలిసిన సంగతి. దాన్ని ఇంకెవరూ రాయలేరు.

జ్ఞాపకం మొరాయిస్తే పాత మెయిళ్లలో, చాట్‌లో వాళ్ల పేరు కొట్టి వెతకండి. ఐదు నిమిషాల్లో ఒకటైనా తగులుతుంది. పనిలో జరిగిన మేలు మనకు తొందరగా అలవాటైపోతుంది. అలవాటైనదాన్ని ఇక మేలుగా గుర్తుపెట్టుకోం. పాత మెయిలు చూస్తే, అంతకుముందు ఎలా ఉండేదో కళ్లముందుకు వస్తుంది.

రెండో అడుగు: జల్లెడ పట్టండి

కాగితం మీద ఉన్న ప్రతి ముక్కనూ మూడు మాటలు అడగండి.

ఇది నేను స్వయంగా చూశానా? ఎవరో చెప్పగా విన్నదైతే ఆ మాట అలాగే రాయాలి, లేదా వదిలేయాలి. విన్నదాన్ని చూసినట్టు రాస్తే ఒక చిన్న పొరపాటు చాలు, మొత్తం మెసేజీ అబద్ధమైపోతుంది.

ఇది వాళ్లు ఎంచుకుని చేసిన పనా? ఉన్న గుణమో, పడిన అవస్థో కాకుండా, వేరేలా కూడా చేయగలిగినచోట వాళ్లు ఇలా చేశారు అని చెప్పగలిగేదై ఉండాలి. ప్రమోషన్ ఇచ్చేది రేపటి నిర్ణయాల కోసం. అందుకే నిన్నటి ఒక మంచి నిర్ణయాన్ని చూపించే వివరం ఆ సందర్భానికి ఇట్టే అతుకుతుంది.

దీన్ని వాళ్ల పైఅధికారో, కింద పనిచేసేవాళ్లో చదివినా ఇబ్బంది లేదా? మెసేజీలు ఫార్వర్డ్ అవుతాయి, స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి. వాళ్లు పడిన అవమానం, ఇంట్లో ఇబ్బంది, ఆరోగ్యం, ఎవరితోనో గొడవ ఎంత ఆదరంగా ప్రస్తావించినా ఈ సందర్భంలో గుచ్చుకుంటాయి.

ఒక మెసేజీని మొదట్నుంచి చివరిదాకా చూద్దాం

సరుకు నిల్వలతో నడిచే ఒక సంస్థ అనుకోండి. అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒకామెను ఆ విభాగానికే సెక్షన్ హెడ్‌ను చేశారు. మీరు అదే విభాగంలో ఆమెతోపాటు పనిచేస్తారు, "మేడమ్" అని పిలుస్తారు. నెలాఖరున గోడౌన్‌లో లెక్కించిన సరుకుకూ పుస్తకాల్లో ఉన్న లెక్కకూ తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం మీ ఇద్దరి పని. కాగితం మీద ఐదు ముక్కలు వచ్చాయి.

ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు. బాగా కష్టపడతారు. ఆడిట్ సమయంలో రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నారు. ఒకసారి మేనేజర్ అందరి ముందు కేకలేసినా నిబ్బరంగా ఉన్నారు. తేడాలు రాసే షీటులో "కారణం" అని ఒక కాలమ్ పెట్టారు.

మొదటి రెండూ తీర్పులు, కొట్టేయండి. మూడోది నిజమే గానీ, ఆ వారం అందరూ కూర్చునే ఉంటారు. పైగా ఆలస్యంగా ఇంటికి వెళ్లడాన్ని మెచ్చుకుంటే, ఆమె పోగొట్టుకున్నదాన్ని మెచ్చుకున్నట్టవుతుంది. నాలుగోది మీకు గౌరవం కలిగించిన జ్ఞాపకం కావచ్చు, ఆమెకు మాత్రం మరచిపోవాలనుకునే రోజు. దాన్ని సంతోష సమయంలో తవ్వి తీయకూడదు. మిగిలింది ఐదోది. చూడ్డానికి అన్నిటికంటే చిన్నది, అయినా జల్లెడలో నిలిచేది అదొక్కటే. ఆ కాలమ్ పెట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తేడా కనపడితే సరిదిద్ది వదిలేయడమే అప్పటిదాకా రివాజు. ఎందుకు వచ్చిందో రాయడం మొదలయ్యాక, అదే తేడా మళ్లీ వస్తే ఎవరినీ అడగక్కర్లేకుండా పోయింది.

ఇప్పుడు మూడు మెసేజీలు పక్కపక్కన చూడండి. ముందుగా, చేతికి అలవాటైనది:

"కంగ్రాట్స్ మేడమ్! మీ కష్టానికి తగ్గ ఫలితం. మరిన్ని విజయాలు సాధించాలని కోరుకుంటున్నాను."

పేరు మార్చినా ఇది ఎవరికైనా సరిపోతుంది. కొంచెం ప్రయత్నించాక వచ్చేది:

"అభినందనలు మేడమ్. స్టాక్ లెక్కల్లో మీరు ఎప్పుడూ చాలా శ్రద్ధగా ఉంటారు. మీ దగ్గర చాలా నేర్చుకున్నాను."

ఇది ఇంకా సగం దారిలోనే ఉంది. విభాగం పేరు వచ్చింది, సంగతి రాలేదు. "చాలా నేర్చుకున్నాను" అన్నచోట ఏం నేర్చుకున్నారో చెప్పి ఉంటే మెసేజీ నిలబడేది. ఇక మూడోది:

"మేడమ్, తేడాల షీటులో మీరు 'కారణం' అని ఒక కాలమ్ పెట్టారు కదా. మర్నెల మీరు సెలవులో ఉన్నా ఎవరికీ ఫోన్ చేయకుండా లెక్క తేల్చేశాం. అంతకుముందు అదే పనికి రెండు రోజులు పట్టేది. సెక్షన్ హెడ్ అయినందుకు అభినందనలు, నాకు నిజంగా సంతోషంగా ఉంది."

చివర్లో ఉన్న "నాకు నిజంగా సంతోషంగా ఉంది" అందరూ రాసే వాక్యమే. కానీ ఇక్కడ నమ్మబుద్ధేస్తుంది, ముందున్న మూడు వాక్యాలు దానికి సాక్ష్యం పలికాయి కాబట్టి. అదే వాక్యాన్ని మొదట పెట్టి చూడండి, బలం తగ్గుతుంది.

మూడో అడుగు: వాక్యాల వరస, మాటల ఎంపిక

మూడు పనులు జరిగితే చాలు. వాళ్లేం చేశారు, దానివల్ల ఏమైంది, అభినందన. ముప్పై నలభై మాటల్లో సరిపోతుంది. వరస కూడా అదే ఉండనివ్వండి. ఫోను తెరవకముందు కనపడేది మొదటి లైను ఒక్కటే. అది "హృదయపూర్వక అభినందనలు" అయితే మీ మెసేజీ మిగతా వాటిలో కలిసిపోతుంది. "తేడాల షీటులో మీరు" అని మొదలైతే ఆ మనిషి అక్కడ ఆగుతారు.

దానివల్ల ఏమైందో చెప్పే వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే చేసినపని చెప్పడమే సరిపోయినట్టు అనిపిస్తుంది. వదలకండి. "మీరు కారణం కాలమ్ పెట్టారు" అని ఆపేస్తే అది ఆమెకు తెలిసిన సంగతే. తను సెలవులో ఉన్నప్పుడు ఏమైందో ఆమె చూడలేదు. మెసేజీలో ఆమెకు కొత్తగా అందేది అదొక్కటే.

తెలుగులో క్రియ రూపం కూడా ఇక్కడ పనిచేస్తుంది. "చేస్తుంటారు", "ఎప్పుడూ చేస్తారు" అంటే అలవాటు. అది మళ్లీ తీర్పు వైపు జారుతుంది. "పెట్టారు", "రాశారు", "ఆపారు" అంటే ఒకసారి, ఒకచోట జరిగిన పని. మీ మెసేజీలో "ఎప్పుడూ" అనే మాట ఉంటే దాని మీద వేలుపెట్టి, "ఎప్పుడు?" అని మిమ్మల్ని మీరు అడగండి. వచ్చిన జవాబే మీ వివరం.

"శుభాకాంక్షలు", "అభినందనలు" ఒకటి కావు. శుభాకాంక్ష అంటే జరగబోయేదానికి మంచి కోరడం. అందుకే పండుగకూ పుట్టినరోజుకూ శుభాకాంక్షలు. అభినందన జరిగినదానికి మెచ్చుకోలు. ప్రమోషన్‌కు కావాల్సింది అభినందన. కొత్త బాధ్యత గురించి కూడా ఒక మాట చేరుస్తుంటే శుభాకాంక్షలు అక్కడ వాడుకోవచ్చు. అలాగే, రోజూ "నువ్వు" అనుకునే స్నేహితుడికి ఇవాళ ఒక్కసారిగా "మీరు" అనీ, "హృదయపూర్వక" అనీ రాస్తే సభలో సన్మానపత్రం చదివినట్టుంటుంది. ఎలా పిలుచుకుంటారో అలాగే రాయండి. "ఒరేయ్" అనుకునేవాళ్లు "ఒరేయ్" అనే మొదలుపెట్టొచ్చు. "కంగ్రాట్స్" అనే మాటకూ అడ్డేమీ లేదు. మీరు మాట్లాడే మాట అదే అయితే "అభినందనలు" కంటే అదే మీ గొంతులా వినపడుతుంది.

వివరం రాశాక "ఇంత చిన్న సంగతి ఇప్పుడు ఎత్తితే వింతగా ఉంటుందేమో" అని చెయ్యి ఆగుతుంది. దాదాపు అందరికీ ఆగుతుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరితో కృతజ్ఞత లేఖలు రాయించి, అందుకున్నవాళ్లకు ఎలా అనిపిస్తుందో ముందే ఊహించమన్నారు. రాసినవాళ్లు అనుకున్నంత ఇబ్బంది అందుకున్నవాళ్లకు కలగలేదు, అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషం కలిగింది. అది కృతజ్ఞత గురించిన పరిశోధన, ప్రమోషన్ మెసేజీల గురించి కాదు. అయినా మూడో మెసేజీని మళ్లీ చదవండి. అందులో సగం కృతజ్ఞతే. చెయ్యి ఆగినప్పుడు తలుచుకోదగ్గ సంగతే ఇది.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఎక్కువగా చెడేది "ఎట్టకేలకు", "ఇన్నాళ్లకైనా", "ఎప్పుడో రావాల్సింది" అన్న మాటల దగ్గర. ప్రేమతోనే అంటారు, కానీ వినేవాళ్లకు ఆలస్యమే ముందు వినిపిస్తుంది. ఇన్నేళ్లూ రాలేదన్న సంగతి అందరూ లెక్కపెడుతున్నారా అనిపిస్తుంది. "ఫలానావాళ్ల కంటే మీకే తగింది" అనేది ఇంకా ప్రమాదం. ఆ ఫలానావాళ్లు రేపట్నుంచి ఈమె కిందే పనిచేయొచ్చు.

తర్వాతిది వివరం మీ చుట్టూ తిరిగిపోవడం. పైనున్నవాళ్లు కిందివాళ్లకు రాసేటప్పుడు ఇది జరుగుతుంది: "ఆరోజు నేను చెప్పినట్టే ఆ పద్ధతి పట్టుకున్నావు, ఇప్పుడు చూడు." ఇందులో ఘనత ఎవరిది? మీరు చెప్పింది నిజమే అయినా ఈ మెసేజీలో దానికి చోటు లేదు. వాళ్లు దాన్ని ఎలా మార్చి, ఎక్కడ ముందుకు తీసుకెళ్లారో అది రాయండి. "నేను చెప్పినదానికంటే మెరుగ్గా, కొత్తగా చేరినవాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక పేజీలోకి తెచ్చావు" అంటే ఘనత వాళ్ల దగ్గరే ఉంటుంది.

కిందివాళ్లు పైవాళ్లకు రాసేటప్పుడు చిక్కు వేరు. "మీరు టీమును చాలా బాగా నడుపుతారు సర్" అంటే, మార్కులు వేసినట్టో, మెప్పు కోసం అన్నట్టో ఉంటుంది. అంచనా వేయకండి, మీకు జరిగింది చెప్పండి. "సర్, నా మొదటి రిపోర్టును వెనక్కి పంపేటప్పుడు తప్పులు గుర్తుపెట్టి ఊరుకోకుండా, మొదటి పేరా మీరే తిరగరాసి చూపించారు. ఇప్పటికీ కొత్త రిపోర్టు మొదలుపెట్టేముందు ఆ పేరా తెరిచి చూసుకుంటాను. అభినందనలు." ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. అందుకే కాకాపట్టినట్టు అనిపించదు. దీన్ని గ్రూపులో పెట్టకుండా విడిగా పంపితే ఆ అనుమానానికి అసలే తావుండదు.

అడగడం కలిపితే అంతా పాడవుతుంది. "అభినందనలు, నా ట్రాన్స్‌ఫర్ సంగతి కాస్త చూడండి" అన్న మెసేజీలో ఎంత మంచి వివరం ఉన్నా అది పీఠికగానే కనపడుతుంది. "పార్టీ ఎప్పుడు" అనేది చనువున్నవాళ్ల మధ్య సరదాగా చెల్లుతుంది గానీ, మెసేజీ మొత్తం అదొక్కటే అయితే వాళ్ల సంతోషాన్ని మీ కోరికగా మార్చినట్టే. పని ఉంటే వారం ఆగి వేరే మెసేజీ పెట్టండి.

వివరాలు ఎక్కువైనా చెడుతుంది. ఒకటి దొరికాక ఉత్సాహం కొద్దీ ఇంకో రెండు చేరుస్తారు. మూడు చేరగానే అది ఏడాది చివర ఇచ్చే పనితీరు నివేదికలా తయారవుతుంది. మిగిలినవి దాచిపెట్టండి, కలిసినప్పుడు నోటితో చెప్పొచ్చు.

పంపేముందు వివరాన్ని ఒకసారి సరిచూడండి. ఆ కాలమ్ నిజంగా ఆమె పెట్టిందేనా, ఇద్దరు కలిసి పెట్టారా? ఇద్దరి పనిని ఒకరికి కట్టబెడితే, అందుకున్న మనిషికే ముందు ఇబ్బంది. గ్రూపులో పెడితే ఆ రెండోవాళ్లూ చదువుతారు. బయటివాళ్లకు తెలియకూడని పని గురించైతే, అందరికీ కనపడే చోట అసలు రాయొద్దు. గ్రూపులో రెండు మాటల అభినందన పెట్టి, వివరమున్న మెసేజీని విడిగా పంపడం చాలాసార్లు నప్పే పద్ధతి. ఒక్క సందర్భంలో మాత్రం వివరం గ్రూపులోనే ఉండాలి. ఆ మనిషి చేసిన పని పెద్దగా ఎవరికీ కనపడనిదై, అది నలుగురికీ తెలిస్తే వాళ్లకు మేలు జరుగుతుందనుకున్నప్పుడు.

వివరం లేనప్పుడు, సంతోషం పూర్తిగా లేనప్పుడు

పేరు తప్ప ఏమీ తెలియనివాళ్లకు వివరం కల్పించకండి. "మీ గురించి చాలా విన్నాను" అని రాస్తే "ఏం విన్నారు" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుండాలి. చిన్నదైనా నిజమైనది ఒకటి సాధారణంగా ఉంటుంది: "మీతో నాకు పని పడింది ఒక్కసారే. ఆరోజు నేను తప్పు విభాగానికి పంపిన మెయిలును మీరు వదిలేయకుండా సరైనవాళ్లకు చేర్చి, నాకూ చెప్పారు. అభినందనలు." అదీ లేకపోతే "అభినందనలు" అని ఒక్క మాట నిజాయితీగా పెట్టడమే మేలు. చిన్న మెసేజీ ఎవరినీ నొప్పించదు, అబద్ధపు వివరం తప్పకుండా నొప్పిస్తుంది.

ఆ పోస్టుకు మీరూ ప్రయత్నించి ఉంటే ఇంకొంచెం కష్టం. ఒక రోజు ఆగండి, వెంటనే రాస్తే మాటలు బిగుసుకుపోతాయి. "మీకంటే నాకే ఎక్కువ సంతోషం" లాంటివి వద్దు, అది నమ్మరు. ఇక్కడ వివరం మీకే ఆసరా అవుతుంది. మీ సంతోషం సగమే అయినా, మీరు చూసిన పని పూర్తిగా నిజం. "ఈ పోస్టు నేనూ కోరుకున్నానని మీకు తెలుసు. అయినా పాత కస్టమర్ల ఫిర్యాదులన్నీ వరసపెట్టి చదివి, అందులో సగం ఒకే కారణం వల్ల వస్తున్నాయని మీరు పట్టుకున్న రోజు నాకు గుర్తుంది. అభినందనలు." ఇంతకంటే రాయక్కర్లేదు.

పంపాక

వాళ్లు జవాబిస్తే మళ్లీ పొగడకండి, ఒక ప్రశ్న అడగండి. మనస్తత్వ శాస్త్రవేత్త షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో జంటలను చూశారు. ఒకరు శుభవార్త చెప్పినప్పుడు రెండోవారు "బాగుంది" అని ఊరుకోవడం ఒకటి, ఆసక్తిగా అడిగి తెలుసుకోవడం ఒకటి. సంబంధం మెరుగ్గా ఉండటంతో ముడిపడి కనిపించింది రెండోదే. ఆఫీసులోనూ పనికొచ్చే ప్రశ్నలున్నాయి: "కొత్త పనిలో ముందు దేని మీద కూర్చుంటున్నారు?", "పాత షీట్లు ఇక ఎవరి చేతికి వెళ్తాయి?" జీతం ఎంత పెరిగిందన్నది మాత్రం వాళ్లంతట వాళ్లు చెబితే తప్ప అడగకండి.

వార్త వచ్చి రెండు మూడు వారాలైపోయిందా? అప్పుడు కూడా పంపొచ్చు. ఆలస్యానికి సంజాయిషీతో మొదలుపెట్టకండి, అది మెసేజీలో సగం తినేస్తుంది. ఈలోగా వాళ్లు కొత్త హోదాలో ఏదో ఒకటి చేసే ఉంటారు. మీ వివరాన్ని అక్కడినుంచే తీసుకోండి: "మేడమ్, సోమవారం మీటింగులో గోడౌన్‌వాళ్లను కూడా మొదటిసారి కూర్చోబెట్టారు. తేడాలు ఎక్కడ మొదలవుతున్నాయో అరగంటలో తేలిపోయింది. సెక్షన్ హెడ్ అయినందుకు అభినందనలు, కాస్త ఆలస్యంగా."